ఉల్క, ఉల్కాశిల, ఆస్టరాయిడ్, తోకచుక్క: ఏది ఏదో మీరే కనిపెట్టడం ఎలా

మా స్కూల్లో ఎనిమిదో క్లాస్ పిల్లాడొకడు కర్చీఫ్‌లో మూట కట్టుకుని ఒక నల్ల రాయి తెచ్చాడు. "సార్, ఇది ఆస్టరాయిడ్ సార్, నిన్న రాత్రి తోకచుక్క రాలింది, పొద్దున మా చేను గట్టు మీద ఇది దొరికింది" అన్నాడు. ఒక్క వాక్యంలో ఆస్టరాయిడ్, తోకచుక్క, రాలడం, దొరకడం అన్నీ కలిపేశాడు. వాడి తప్పేం లేదు, పేపర్లో కూడా చాలాసార్లు ఇలాగే కలిపేసి రాస్తారు, పెద్దవాళ్లూ అంతే.

ప్రతి ఏడాది ఇదే డౌట్ వస్తోంది కాబట్టి ఈసారి మొత్తం వరసగా రాసేస్తున్నా. డెఫినిషన్లు బట్టీ పట్టడానికి కాదు. ఆకాశంలో ఏదైనా కనబడినా చేతికి ఏదైనా రాయి దొరికినా అదేంటో మీరే తేల్చుకోవడానికి. ఆ పిల్లాడి రాయి సంగతి చివర్లో చెప్తా, అది కూడా స్టెప్ బై స్టెప్ పరీక్ష చేశాం.

## 1. ముందు పేర్ల లెక్క సెట్ చేసుకోండి

చేలో ఉన్నప్పుడు వడ్లు అంటాం, మర పట్టిస్తే బియ్యం అంటాం, ఉడికితే అన్నం అంటాం. గింజ ఒకటే, ఎక్కడ ఏ స్థితిలో ఉందో దాన్ని బట్టి పేరు మారిపోతుంది. "ఇవాళ మధ్యాహ్నం వడ్లు తిన్నా" అని ఎవరైనా అంటే నవ్వుతాం కదా. "నిన్న రాత్రి మా ఊళ్లో ఆస్టరాయిడ్ దొరికింది" అన్నా అలాంటిదే.

- ఆస్టరాయిడ్ (గ్రహశకలం): సూర్యుడి చుట్టూ తిరుగుతున్న రాయి, లేదా లోహం కలిసిన రాయి. ఇంకా అంతరిక్షంలోనే ఉంది. ఎక్కువ భాగం అంగారకుడికీ గురుడికీ మధ్య ఉంటాయి. ఇది వడ్లు.
- మీటియర్ (ఉల్క): అలాంటి రాయో, అంతకంటే చాలా చిన్న నలుసో మన గాలిలోకి దూసుకొచ్చినప్పుడు కనబడే వెలుగు గీత. ఇది బియ్యం.
- మీటియరైట్ (ఉల్కాశిల): అంతా కాలిపోకుండా మిగిలి నేల మీద పడిన ముక్క. ఇది అన్నం.

మధ్యలో ఉన్నదాన్ని రెండుసార్లు చదవండి. ఉల్క అంటే రాయి కాదు, వెలుగు. పరీక్షలో మార్కులు పోయేది ఇక్కడే. "ఉల్కని చేత్తో పట్టుకున్నాను" అనడం మెరుపుని జేబులో పెట్టుకున్నాను అన్నట్టే.

ఇంకో పేరు కూడా ఉంది, మీటియరాయిడ్ అని. అంతరిక్షంలో ఉన్న రాయి సుమారు ఒక మీటరు కంటే చిన్నదైతే దాన్ని ఆస్టరాయిడ్ అనకుండా అలా అంటారు. రాత్రి మనకి కనబడే మామూలు ఉల్కల వెనక ఉండేది గసగసాల గింజంత నుంచి శనగ గింజంత నలుసు, అంతే. అంత చిన్నదానికి అంత వెలుగెలా వస్తుందో రెండో పాయింట్‌లో చూద్దాం.

తోకచుక్క ఈ వడ్లు-బియ్యం లెక్కలోకి రాదు. అది వేరే సరుకు, దాన్ని మూడో పాయింట్‌లో విడిగా చెప్తా.

## 2. ఒకే రాయికి మూడు పేర్లు: ఒక నిజం కేసు

దీనికి నాకు తెలిసి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు, ఎందుకంటే ఒకే రాయిని మూడు స్థితుల్లోనూ మనుషులు చూడగలగడం అప్పుడే మొదటిసారి.

స్టేజ్ ఒకటి, ఆస్టరాయిడ్. 2008 అక్టోబర్ 6న అమెరికాలోని అరిజోనాలో కాటలీనా స్కై సర్వే టెలిస్కోప్ దగ్గర రిచర్డ్ కొవాల్‌స్కీ అనే ఆయనకి ఫొటోల్లో ఒక చిన్న చుక్క కదులుతూ కనబడింది. దానికి 2008 టీసీ3 అని పేరు పెట్టారు. సుమారు నాలుగు మీటర్లు, అంటే మన క్లాస్‌రూమ్ గోడకి సగం పొడవు ఉంటుందేమో, బరువు దాదాపు 80 టన్నులు. లెక్క కట్టి చూస్తే ఇంకో ఇరవై గంటల్లో భూమిని ఢీకొడుతుందని, అది కూడా సూడాన్ దేశం ఉత్తరాన ఉన్న ఎడారి మీద అని తేలింది. చిన్నది కాబట్టి ఎవరూ భయపడలేదు.

స్టేజ్ రెండు, మీటియర్. మర్నాడు అక్టోబర్ 7న సూడాన్‌లో తెల్లవారుజామున, మన టైమ్‌లో ఉదయం ఎనిమిదింపావు దాటాక, అది సెకనుకి 12 కిలోమీటర్ల పైచిలుకు స్పీడ్‌తో గాలిలోకి దిగింది. నేలకి 37 కిలోమీటర్ల ఎత్తులో పేలి ముక్కలైంది. దూరంలో వెళ్తున్న ఒక విమానం పైలట్‌కి కూడా ఆ మెరుపు కనబడింది. ఆ కాసేపు మాత్రమే అది ఉల్క.

స్టేజ్ మూడు, మీటియరైట్. పీటర్ జెనిస్కెన్స్ అనే శాస్త్రవేత్త, ఖార్టూమ్ యూనివర్సిటీ ప్రొఫెసర్ మువావియా షద్దాద్, ఆయన స్టూడెంట్స్ కలిసి డిసెంబర్‌లో ఎడారికెళ్లారు. కలుపు తీసేటప్పుడు కూలీలు వరస కట్టి నడుస్తారు చూడండి, అచ్చం అలాగే వరసగా నిలబడి నేల చూసుకుంటూ కిలోమీటర్ల కొద్దీ నడిచారు. లేత రంగు ఇసుక మీద నల్లటి చిన్న రాళ్లు కనబడ్డాయి. అలా వెతికి మొత్తం 600 దాకా ముక్కలు ఏరారు. అన్నీ కలిపి పదిన్నర కిలోలు.

ఎనభై టన్నుల్లోంచి చేతికొచ్చింది పదిన్నర కిలోలు! మిగతాదంతా దుమ్మయి గాలిలో కలిసిపోయింది. ఆ ముక్కల పేరు కూడా మారిపోయింది: దగ్గర్లో ఉన్న రైల్వే స్టేషన్ పేరు మీద అల్మహతా సిత్తా అన్నారు, అరబిక్‌లో ఆరో స్టేషన్ అని అర్థం. ఉల్కాశిలలకి అవి పడ్డ చోటు పేరు పెట్టడం రివాజు. అంటే ఆస్టరాయిడ్‌గా ఒక పేరు, రాయిగా ఇంకో పేరు, వస్తువు మాత్రం ఒకటే.

మరి వెలుగు ఎందుకొస్తుంది? గాలి రాపిడి వల్ల అని చాలా మంది రాస్తారు. అసలు పని చేసేది రాపిడి కాదు, నొక్కుడు. సైకిల్ పంపు గట్టిగా కొడితే అడుగు భాగం వేడెక్కడం మీరు పట్టుకుని చూసే ఉంటారు. రాయి అంత స్పీడ్‌గా వస్తుంటే దాని ముందున్న గాలికి పక్కకి తప్పుకునే టైమ్ ఉండదు, ఒక్కసారిగా నొక్కుకుపోయి వేల డిగ్రీలు వేడెక్కి మెరుస్తుంది, రాయి పైపొర కూడా కరిగి ఆవిరై మెరుస్తుంది. సెకనుకి 20 కిలోమీటర్లంటే హైదరాబాద్ నుంచి విజయవాడకి పద్నాలుగు సెకన్లు పట్టదు. ఆ స్పీడ్ ఉంటే గసగసాల గింజ కూడా గీత గీసేస్తుంది. మామూలు ఉల్కలు నేలకి 80 నుంచి 120 కిలోమీటర్ల ఎత్తులోనే వెలిగి ఆరిపోతాయి, విమానాలు తిరిగేది 10, 12 కిలోమీటర్ల ఎత్తులో.

## 3. తోకచుక్క ఎక్కడ వేరుపడుతుంది

పుల్ల ఐస్ మట్టిలో పడిందనుకోండి, దాన్ని కడక్కుండా మళ్లీ గడ్డకట్టిస్తే ఎలా ఉంటుంది? ఐస్, దుమ్ము, చిన్న రాళ్లు కలిసిపోయిన నల్లటి ముద్ద. తోకచుక్క అసలు శరీరం అలాంటిదే, కాకపోతే కొన్ని కిలోమీటర్లు ఉంటుంది. హేలీ తోకచుక్క ముద్ద పొడవు 15 కిలోమీటర్లు.

సూర్యుడికి దూరంగా ఉన్నప్పుడు దానికి తోక ఉండదు. దగ్గరికొచ్చే కొద్దీ ఐస్ ఆవిరై, దుమ్ముని లాక్కుంటూ బయటికొస్తుంది. ముద్ద చుట్టూ మబ్బు లాంటిది ఏర్పడుతుంది, అందులోంచి తోక సాగుతుంది. ఆస్టరాయిడ్‌లో ఎక్కువగా రాయే కాబట్టి ఎండ తగిలినా మామూలుగా అలా పొగలు కక్కదు. తేడా అక్కడే ఉంది.

ఇప్పుడు ఒక ప్రయోగం, ఐదు నిమిషాలు చాలు.

కావలసినవి: టేబుల్ ఫ్యాన్, ఒక బంతి, రెండు మూడు పలచటి రిబ్బన్లు, టేపు.

1. బంతికి రిబ్బన్లు అంటించండి. బంతి తోకచుక్క, ఫ్యాన్ సూర్యుడు.
2. ఫ్యాన్ ఆన్ చేసి బంతిని ఫ్యాన్ ముందు పట్టుకోండి. రిబ్బన్లు ఫ్యాన్‌కి అవతలి వైపుకి ఎగురుతాయి.
3. బంతి పట్టుకుని ఫ్యాన్ వైపుకి నడవండి. తోక మీ వెనక ఉంటుంది.
4. ఇప్పుడు వెనక్కి తిరిగి ఫ్యాన్‌కి దూరంగా నడవండి. తోక మీకంటే ముందు పోతుంది!

తోకచుక్క కూడా అంతే. దాని తోక ఎప్పుడూ సూర్యుడికి అవతలి వైపే. అది ఎటు పోతోందో తోక చూసి చెప్పలేం. దీపావళి రాకెట్ లాగా వెనక పొగ వదులుతూ పోతుందని డ్రాయింగ్‌లో వేస్తుంటారు పిల్లలు, దాన్ని సరిచేయడానికే ఈ ఫ్యాన్ గోల అంతా. ఫ్యాన్ గాలి వేరు, అక్కడ తోసేది సూర్యుడి వెలుతురూ సూర్యుడి నుంచి వచ్చే కణాల ప్రవాహమూ, కానీ దిక్కు లెక్క మాత్రం కరెక్ట్.

తోకచుక్కకీ ఉల్కలకీ ఒక చుట్టరికం ఉంది. ఇసుక లారీ పట్టా కట్టకుండా పోతే రోడ్డంతా ఇసుక రాలుతుంది కదా, తోకచుక్క కూడా తన దారంతా నలుసులు రాల్చుకుంటూ పోతుంది. భూమి ప్రతి ఏడాది అదే తేదీల్లో ఆ రోడ్డు దాటుతుంది. ఆ నలుసులు మన గాలిలో పడి వెలిగితే అదే ఉల్కల జల్లు. హేలీ మళ్లీ వచ్చేది 2061లో. కానీ దాని నలుసులు మాత్రం ప్రతి అక్టోబర్ మూడో వారంలో, మళ్లీ మే మొదటి వారంలో మన ఆకాశంలో వెలుగుతూనే ఉంటాయి.

## 4. ఆకాశంలో ఏదో కనబడింది, ఇప్పుడేం చెయ్యాలి

ముందు సెల్ తీసి వీడియో కోసం వెతుక్కోకండి, ఈలోపు అయిపోతుంది. మనసులో "ఒకటి, రెండు, మూడు..." అని లెక్కపెట్టడం మొదలుపెట్టండి. అన్నిటికంటే పనికొచ్చే కొలత టైమే.

(క) ఒకటి రెండు సెకన్లలో అయిపోయిందా? అయితే ఉల్క. చాలా పెద్దదైతే కొన్ని సెకన్లు ఉండొచ్చు, ఊరంతా వెలుగు పడొచ్చు, ముక్కలవ్వొచ్చు. అప్పుడు దాన్ని అగ్నిగోళం అంటారు, అదీ ఉల్కే.

(ఖ) నిదానంగా అరనిమిషం, నిమిషం పైన సాగిందా? అప్పుడు అనుమానించాలి. వెలుగు స్థిరంగా ఉండి నాలుగైదు నిమిషాలు ఆకాశం దాటితే అది శాటిలైటో, అంతరిక్ష కేంద్రమో. దీపాలు ఆరుతూ వెలుగుతూ ఉంటే విమానం. నిప్పులు కక్కుతూ, చాలా ముక్కలుగా, ఒకే వరసలో నిదానంగా పోతుంటే పాత రాకెట్ ముక్క కిందికి పడుతోందన్నమాట. 2022 ఏప్రిల్ 2 సాయంత్రం మహారాష్ట్రలో సరిగ్గా ఇదే జరిగింది, చూసినవాళ్లు ఉల్కలనే అనుకున్నారు. తీరా చూస్తే మన ఆసిఫాబాద్ వైపు సరిహద్దున్న చంద్రపూర్ జిల్లాలో ఒక ఊళ్లో పెద్ద లోహపు రింగు పడి ఉంది. చైనా రాకెట్ తాలూకు భాగం అని తేల్చారు.

(గ) అస్సలు కదలకుండా, మసకగా, తోకతో అక్కడే ఉందా? రేపు సాయంత్రం కూడా దాదాపు అక్కడే ఉందా? అయితే తోకచుక్క. 2020 జులైలో నియోవైజ్, 2024 అక్టోబర్‌లో సుచిన్‌షాన్-అట్లాస్ అలా కొన్ని రోజుల పాటు కనబడ్డాయి. తోకచుక్క సెకన్లలో దూసుకుపోదు. ఆ రాత్రంతా మిగతా చుక్కలతో పాటే ఉదయించి అస్తమిస్తుంది, ఒక రాత్రికీ ఇంకో రాత్రికీ కొంచెం జరుగుతుంది.

(ఘ) ఆస్టరాయిడ్ ఎలా కనబడుతుంది? మామూలు కంటికి కనబడదనే అనుకోండి. వెస్టా అనే ఒక్కటి మాత్రం భూమికి బాగా దగ్గరున్న రోజుల్లో, బాగా చీకటి ఉన్న చోట లీలగా కనబడొచ్చు. బైనాక్యులర్స్‌లో చూసినా మామూలు చుక్కలాగే ఉంటుంది, తోకా లేదు ఏమీ లేదు. పట్టుకునే పద్ధతి ఒకటే: ఇవాళ ఆ చుట్టుపక్కల ఉన్న చుక్కలన్నీ కాగితం మీద చుక్కలు పెట్టుకోండి, రెండు మూడు రోజులాగి మళ్లీ గీయండి. ఏ చుక్క చోటు మారిందో అదే. శాస్త్రవేత్తలు చేసేదీ ఇదే పని, కాకపోతే ఒకే చోటుని కాసేపాగి కాసేపాగి తీసిన ఫొటోలు ఒకదాని తర్వాత ఒకటి వేసి చూస్తారు.

ఒక జాగ్రత్త. పగలైనా రాత్రైనా కళ్లు చెదిరేంత మెరుపు కనబడితే కిటికీ దగ్గరికి పరిగెత్తకండి. 2013 ఫిబ్రవరి 15న రష్యాలోని చెల్యాబిన్స్క్‌లో అదే జరిగింది. దాదాపు 20 మీటర్ల రాయి సుమారు 30 కిలోమీటర్ల ఎత్తులో పేలింది. వెలుగు వెంటనే కనబడింది, శబ్దం మాత్రం సెకనుకి 330 మీటర్ల లెక్కన నడిచి రావాలి కదా, అది వచ్చేసరికి నిమిషం పైనే పట్టింది. ఈలోపు జనం ఏంటా అని అద్దాల దగ్గరికొచ్చారు. దాదాపు 1,500 మందికి దెబ్బలు తగిలాయి, చాలావరకు పగిలిన అద్దాల వల్లే, రాయి మీద పడి కాదు. మెరుపు చూశాక గోడ చాటున కూర్చుని రెండు మూడు నిమిషాలు ఆగడమే మంచిది.

## 5. ఉల్కలు చూడాలంటే: డిసెంబర్ 13 రాత్రి డాబా మీద

ఇంటర్నెట్‌లో ఎక్కడ చూసినా ఆగస్ట్ 12 పెర్సీడ్స్ ఉల్కల జల్లు అని ఊదరగొడతారు. మనకి ఆగస్ట్‌లో మబ్బులు కదండీ, ఎక్కువ ఏళ్లు ఏమీ కనబడదు. మన వాళ్లకి డిసెంబర్ 13, 14 తేదీల రాత్రి వచ్చే జెమినిడ్స్ జల్లు బెస్ట్. మంచు, చలి ఉన్నా ఆకాశం శుభ్రంగా ఉంటుంది. నెల్లూరు, తిరుపతి వైపు వాళ్లకి ఆ టైమ్‌లో తుఫాను మబ్బులు పట్టే అవకాశం ఉంది, అది వాళ్ల అదృష్టం మీద ఆధారపడి ఉంటుంది.

తీసుకెళ్లాల్సినవి:

- చాప, దుప్పటి, మంకీ క్యాప్ (నవ్వకండి, రెండు గంటలు కదలకుండా పడుకుంటే తెలుస్తుంది)
- టార్చికి ఎర్ర జెలటిన్ కాగితం రెండు మడతలు వేసి రబ్బరు బ్యాండు
- నోట్‌బుక్, పెన్సిల్
- ఇంట్లో పెద్దవాళ్లు ఒకరు, పిట్టగోడ లేని డాబా అయితే అసలు ఎక్కొద్దు

చేసే వరస:

1. క్యాలెండర్‌లో పౌర్ణమి ఎప్పుడో చూడండి. చంద్రుడు నిండుగా ఉంటే సగం ఉల్కలు కనబడవు.
2. రాత్రి పదిన్నర, పదకొండుకి పైకెళ్లండి. ఈ ఉల్కలు వచ్చినట్టు కనబడే మిథున రాశి అప్పటికి బాగా పైకొస్తుంది.
3. మొదటి ఇరవై నిమిషాలు లెక్క మొదలుపెట్టకండి, కళ్లు చీకటికి అలవాటు పడాలి. ఈ టైమ్‌లో ఎవరైనా ఒక్కసారి సెల్ చూశారంటే మళ్లీ మొదటికొస్తుంది.
4. వెల్లకిలా పడుకుని ఆకాశం ఎంత కనబడితే అంత చూడండి. టెలిస్కోప్, బైనాక్యులర్స్ వద్దు, వాటిలో చిన్న ముక్కే కనబడుతుంది, ఉల్క ఎటు పోతుందో ఎవరికి తెలుసు.
5. ప్రతిదానికీ టైమ్, ఏ వైపు నుంచి ఏ వైపుకి పోయిందో రాయండి.

పొద్దున గీతలన్నీ కాగితం మీద వేసి వెనక్కి పొడిగించండి. ఎక్కువ గీతలు మిథున రాశి దగ్గర ఒక చోట కలుస్తాయి. రైలు పట్టాలు దూరంగా కలిసినట్టు కనబడతాయే, అదే లెక్క: అన్నీ ఒకే దిక్కు నుంచి సమానంగా వస్తున్నాయి, మన కంటికి ఒక చోటు నుంచి విచ్చుకున్నట్టు ఉంటుంది. కలవని గీతలు ఒకటో రెండో ఉంటే అవి జెమినిడ్స్ కావు, ఊరికే వచ్చిన ఉల్కలు. చీకటి ఊళ్లో గంటకి నలభై దాకా లెక్కపెట్టొచ్చు, హైదరాబాద్ మధ్యలో పది వస్తే గొప్ప.

ఇక్కడే ఒక తమాషా. జల్లులు తోకచుక్కల వల్ల వస్తాయని పైన చెప్పా కదా, ఈ జెమినిడ్స్ నలుసులు మాత్రం ఫేథాన్ అనే ఆస్టరాయిడ్‌వి. అంటే ఆస్టరాయిడ్, తోకచుక్క మధ్య గీత మనం స్కూల్ బుక్‌లో గీసినంత నిటారుగా లేదన్నమాట. క్విజ్‌లో ఎవరైనా "ఉల్కల జల్లులన్నీ తోకచుక్కల వల్లేనా?" అని అడిగితే కాదని చెప్పి ఫేథాన్ పేరు చెప్పండి.

## 6. రాయి దొరికింది: పరీక్ష చేసే వరస

ఇప్పుడు కర్చీఫ్ రాయి దగ్గరికొద్దాం. ఈ వరస మార్చకండి, ముందు చూడటం, తర్వాత తూకం, గీకడం ఆఖరున.

మొదటిది, కథ అడగండి. "నిన్న రాత్రి గీత కనబడింది, పొద్దున ఇక్కడ రాయి దొరికింది" అంటే రెండిటికీ సంబంధం ఉందని అర్థం కాదు. పక్క చేలో పడినట్టే కనబడిన ఉల్క నిజానికి వంద, రెండొందల కిలోమీటర్ల అవతల ఉండొచ్చు. "ముట్టుకుంటే కాలింది, గడ్డి అంటుకుంది" అన్నా నమ్మకండి. రాయి వేడెక్కేది కొన్ని సెకన్లే, కరిగిన పైపొర అప్పటికప్పుడే ఊడిపోతుంది, లోపల అంతరిక్షపు చలి అలాగే ఉంటుంది, తర్వాత చల్లటి గాలిలో కొన్ని నిమిషాలు చీకట్లో ఊరికే కిందికి పడుతుంది. నేలకి చేరేసరికి చల్లగానో గోరువెచ్చగానో ఉంటుంది.

రెండోది, తోలు చూడండి. నిజం ఉల్కాశిల మీద పలచటి నల్ల పొర ఉంటుంది, ఒక మిల్లీమీటరు కూడా ఉండదు, కోడిగుడ్డు పెంకులాగా. అంచు విరిగిన చోట లోపల వేరే రంగు, తరచూ బూడిద రంగు కనబడాలి. మెత్తటి మట్టి ముద్ద మీద బొటనవేలు నొక్కినట్టు పల్లాలు ఉండొచ్చు. మా పిల్లాడి రాయి బయటా లోపలా ఒకటే నలుపు. ఇక్కడే నాకు సగం అర్థమైంది, కానీ వాడి మొహం చూసి ఏమీ అనలేదు.

మూడోది, బుడగలు. విరిగిన చోట ఇడ్లీలో ఉన్నట్టు చిన్న చిన్న రంధ్రాలున్నాయా? ఉంటే దాదాపు కచ్చితంగా ఉల్కాశిల కాదు. గ్యాస్ బుడగలు కరిగిన లావాలోనో, కొలిమిలోనో ఏర్పడతాయి.

నాలుగోది, అయస్కాంతం. పాత స్పీకర్ మాగ్నెట్ రాయికి నేరుగా తగిలించకండి. నిజంగా ఉల్కాశిలే అయితే బలమైన మాగ్నెట్ దాని లోపల మిగిలి ఉన్న పాత అయస్కాంత గుర్తుల్ని చెరిపేస్తుంది. చిన్న మాగ్నెట్‌ని దారానికి కట్టి రాయి దగ్గరికి వేలాడదీయండి, దారం వంగుతుందా చూడండి. చాలా ఉల్కాశిలల్లో ఇనుము-నికెల్ రేణువులుంటాయి కాబట్టి వంగుతుంది. వాడి రాయికి వంగింది! ఎగిరి గంతేశాడు. కానీ వంగినంత మాత్రాన పాస్ కాదు, మన ఇనుప ఖనిజానికీ వంగుతుంది. వంగకపోయినా వెంటనే ఫెయిల్ చెయ్యకూడదు, ఎందుకంటే ఇనుము చాలా తక్కువుండే రకాలూ ఉన్నాయి. 2022 ఆగస్ట్ 17న గుజరాత్‌లో దియోదర్ దగ్గర పడి ఒక ఇంటి వరండా టైల్ పగలగొట్టిన రాయి అలాంటి అరుదైన రకమే.

ఐదోది, బరువు, నీళ్లు. కిచెన్ తూకం మీద పెట్టాం, 412 గ్రాములు. కొలత జాడీలో 300 మిల్లీలీటర్ల నీళ్లు పోసి రాయిని దారంతో కట్టి పూర్తిగా ముంచాం, నీళ్లు 430కి పెరిగాయి. అంటే రాయి ఆక్రమించింది 130. బరువుని దాంతో భాగిస్తే 412 ÷ 130 = 3.17. మామూలు గ్రానైట్ 2.7 దగ్గర ఉంటుంది, ఎక్కువగా దొరికే రాతి ఉల్కాశిలలు 3.3, 3.5 ఆ ప్రాంతంలో ఉంటాయి, ఇనుప ఉల్కాశిల అయితే 7 దాటుతుంది. ఇది రెండిటికీ మధ్యలో పడింది, ఏమీ తేల్చదు. ఇలా కూడా జరుగుతుంది. నిజంగా ఉల్కాశిలేమో అని గట్టి అనుమానం ఉంటే మాత్రం ఈ నీళ్ల పరీక్ష మానేయండి, తడి తగిలితే లోపలి ఇనుము తుప్పు పడుతుంది.

ఆరోది, గీత. టైల్ వెనకవైపు నునుపు లేని భాగం మీద రాయిని గీకండి. ఎర్రటి గోధుమ రంగు గీత పడితే హెమటైట్, నల్ల గీత పడితే మాగ్నెటైట్, రెండూ మన నేలలో దొరికే ఇనుప ఖనిజాలే. ఉల్కాశిల దాదాపు గీత వెయ్యదు. వాడి రాయి లేత బూడిద గీత వేసీ వెయ్యనట్టు వేసింది.

చివరికి వాణ్నే ఒక మూల సుత్తితో చిన్నగా కొట్టమన్నా. (అనుమానం బలంగా ఉన్న రాయిని మీరు కొట్టకండి, దీనికి మూడో పరీక్షకి పనికొచ్చేంత పెద్ద విరుపు లేక కొట్టించా.) పెచ్చు ఊడింది. లోపల గాజులాగా మెరుపు, నిండా బుడగలు. ఇనుప చిట్టెం! పూర్వం కొలిమిలో ఇనుము తీసేటప్పుడు మిగిలిన మడ్డి. "మీ చేను గట్టు పక్కన ఇలాంటివి ఇంకా ఉన్నాయా?" అంటే "చాలా ఉన్నాయి సార్, దిబ్బ ఉంది" అన్నాడు. దిబ్బ సంగతి ముందే చెప్పుంటే మొదటి పరీక్షలోనే తేలిపోయేది. మన తెలంగాణలో పాత ఇనుము కొలుముల జాడలు చాలా ఊళ్లలో ఉన్నాయి, నిజామాబాద్ వైపు కోనసముద్రం ఉక్కుకి పేరుమోసిన ఊరు. నా దగ్గరికి "ఉల్క" అని వచ్చే రాళ్లలో ఎక్కువ చిట్టేలే.

## 7. ఎక్కువగా జరిగే పొరపాట్లు, వాటికి మందు

- "పిడుగుతో పాటు రాయి పడింది." పిడుగు కరెంటు, అది రాయి మోసుకురాదు. ఉరుములు మెరుపుల రాత్రి దొరికిన రాయికీ ఆకాశానికీ లంకె పెట్టకండి.
- "పెద్ద గుంత లేదు కాబట్టి ఉల్కాశిల కాదు." చిన్న రాళ్లు గాలిలోనే అసలు స్పీడంతా పోగొట్టుకుని, మేడ మీంచి పడేసిన రాయిలాగే పడతాయి. 2017 జూన్ 6న జైపూర్ దగ్గర ముకుంద్‌పురాలో పడినదానికి చేలో చిన్న గుంట మాత్రమే పడింది. మహారాష్ట్రలోని లోనార్ లాంటి దాదాపు రెండు కిలోమీటర్ల గొయ్యి కావాలంటే చాలా పెద్ద రాయి రావాలి.
- "ఉల్కాపాతం" అనే మాట. కొందరు జల్లుకి వాడతారు, కొందరు రాయి పడటానికి వాడతారు. మీరు రాసేటప్పుడు జల్లుకి "ఉల్కల జల్లు", పడిన రాయికి "ఉల్కాశిల" అని రాస్తే గొడవ ఉండదు. పరీక్షలో మాత్రం మీ టెక్స్ట్‌బుక్ ఏ మాట వాడితే అదే రాయండి.
- "ఇందులో ఇరిడియం ఉంది, కోట్లు పలుకుతుంది." రైస్ పుల్లింగ్ బ్యాచ్ మాట ఇది. ఉల్కాశిలల్లో ఇరిడియం ఉన్నా అది లెక్కలోకి రానంత కొంచెం. బియ్యం గింజల్ని లాగే రాయి లేదు, ఇంట్లో పెద్దవాళ్లకి కూడా చెప్పండి.

## 8. అన్ని పరీక్షలూ పాసైతే

అరుదుగా అలాంటి రాయి రావచ్చు. అప్పుడు ఈ పనులు:

- కడగొద్దు, నూనె రాయొద్దు, పసుపు కుంకుమ అసలొద్దు. ఒట్టి చేత్తో ఎక్కువసేపు పట్టుకోవద్దు.
- శుభ్రమైన అల్యూమినియం ఫాయిల్‌లో చుట్టి, పొడిగా ఉన్న డబ్బాలో పెట్టండి.
- తీసే ముందే ఉన్నచోట ఫొటో తియ్యండి, పక్కన స్కేల్ పెట్టి. సెల్‌లో లొకేషన్ రాసుకోండి.
- చీటీ మీద తేదీ, టైమ్, ఎవరికి దొరికింది, వెలుగు ఎవరైనా చూశారా, చప్పుడు విన్నారా, విన్నది వెలుగు తర్వాత ఎంతసేపటికో రాయండి.
- మీ సైన్స్ టీచర్ ద్వారా జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకి తెలియజేయండి. మన దేశంలో పడిన ఉల్కాశిలల్ని భద్రపరిచే బాధ్యత వాళ్లదే, హైదరాబాద్‌లో కూడా వాళ్ల ఆఫీసు ఉంది.

ఆ చీటీలో "నాకు ఆస్టరాయిడ్ దొరికింది" అని మాత్రం రాయకండి. "ఉల్కాశిల అని అనుమానం ఉన్న రాయి" అని రాయండి. మా పిల్లాడు తన చిట్టెం రాయికి కూడా ఇలాంటి చీటీ రాసి అంటించాడు, ఆరు పరీక్షల రిజల్ట్స్‌తో సహా, ఆఖరి లైన్‌లో "కాదు" అని.